84 యూనిట్ల ధర ఎంత?

ఏసీ కొనబోయే ఎవరైనా దుకాణంలో అడిగే మొదటి మాట ‘కరెంటు ఎంత కాలుతుంది?’ అనే. అమ్మేవాడు తడుముకోకుండా నెలకు ఇన్ని యూనిట్లు, ఇన్ని రూపాయలు అని చెప్పేస్తాడు. యూనిట్ల సంగతి వరకు అతను చెప్పింది కొంతైనా నమ్మవచ్చు, అది యంత్రానికి సంబంధించింది. రూపాయల సంగతి యంత్రాన్ని చూసి చెప్పేది కాదు. ఆ ఇంట్లో అప్పటికే ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో, ఆ రాష్ట్రంలో శ్లాబులు ఎలా పేర్చారో తెలియకుండా ఎవరు చెప్పినా అది ఉజ్జాయింపు కూడా కాదు.

ముంబయి కామాఠీపురలో ఈ లెక్కకు ఒక ప్రత్యేకత ఉంది. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వచ్చి ఈ నగరాన్ని కట్టిన కూలీలు కామాఠీలు. వాళ్ల పేరే పేటకు నిలిచింది. నంబర్లు వేసిన ఆ గల్లీల్లో, అటు వర్లీ బీడీడీ చాళ్లలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇక్కడ ఒక గది, అక్కడ ఊళ్లో ఒక ఇల్లు. అంటే ఒకే కుటుంబానికి రెండు రాష్ట్రాల కరెంటు బిల్లులు. ఎండాకాలంలో ఫోన్లో మాట అటు తిరుగుతుంది.

“అక్కా, మాకు ఈ నెల జీరో బిల్లు వచ్చింది. మీకు ఒక్క గదికి అంత బిల్లేందే?”

“మాకాడ ఫిరీ లేదురా తమ్మీ. ఇంక ఏసీ పెడితే ఎంతైతదో ఏమో.”

ఎంతవుతుందో చూద్దాం. ముందు యూనిట్లు.

ఏసీ మీద అతికించిన నక్షత్రాల లేబుల్‌లో ఒక అంకె ఉంటుంది, ఏడాదికి ఇన్ని యూనిట్లు అని. దాన్ని పన్నెండుతో భాగించి నెల ఖర్చు అనుకునేవాళ్లే ఎక్కువ. అది తప్పు. ఎందుకంటే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఆ అంకెను ఏడాదికి 1,600 గంటల వాడకానికి లెక్కగట్టింది. కాబట్టి భాగించవలసింది 1,600తో. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ లేబుల్ మీద 560 యూనిట్లు అని ఉందనుకుందాం. గంటకు 0.35 యూనిట్ అన్నమాట. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు ఎనిమిది గంటలు వేస్తే 2.8 యూనిట్లు. ముప్పై రాత్రులకు 84. ఈ 84ను చివరిదాకా పట్టుకుని ఉందాం. మారేది దాని ధరే.

కామాఠీపురకు, వర్లీకి, ధారావికి, కొలాబా నుంచి మాహిం, సయన్ దాకా ఉన్న ద్వీప నగరానికంతటికీ కరెంటు ఇచ్చేది బెస్ట్. 1873లో ట్రాములు నడిపే ప్రైవేటు కంపెనీగా మొదలై, 1947 ఆగస్టు 7న మునిసిపాలిటీ చేతికి వచ్చిన సంస్థ. బస్సుల వల్ల అందరికీ తెలిసిన పేరు. రేట్లు మాత్రం బెస్ట్ సొంతంగా పెట్టుకోదు, మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆదేశాలతో నిర్ణయమవుతాయి, తరచుగా మారుతుంటాయి. మారనిది శ్లాబుల అంచులు. గృహ వినియోగానికి నెలకు 100 యూనిట్ల వరకు ఒకటి, 101 నుంచి 300 వరకు రెండోది, 301 నుంచి 500 వరకు మూడోది, ఆపైన నాలుగోది.

రేట్లు మారేవి కనుక ఇక్కడ గుండ్రటి అంకెలు పెట్టుకుంటున్నాను. యూనిట్‌కు మొదటి శ్లాబులో 4 రూపాయలు, రెండో దాంట్లో 7, మూడో దాంట్లో 11. మీ బిల్లులో ఎనర్జీ ఛార్జీ అని, వీలింగ్ ఛార్జీ అని రెండు వేర్వేరు వరుసలుంటాయి. యూనిట్‌కు రెండూ పడతాయి కాబట్టి కూడి ఒకటే రేటుగా రాసుకోండి. నా అంకెలు అలా కూడినవే అనుకోండి. చాలామంది ఎనర్జీ ఛార్జీ ఒక్కటే చూసి లెక్కవేసి, తీరా బిల్లు వచ్చాక మీటరును అనుమానిస్తారు. దీనికి పైన స్థిర ఛార్జీ ఉంది. అది కూడా శ్లాబు మారితే పెరుగుతుంది. వంద యూనిట్ల లోపు 80, దాటితే 120 అనుకుందాం. మొత్తం మీద మహారాష్ట్ర ప్రభుత్వం తీసుకునే విద్యుత్ సుంకం 16 శాతం. ఇంధన సర్దుబాటు ఛార్జీ నెలనెలా మారేది, దాన్ని ప్రస్తుతానికి సున్నా చేద్దాం.

ఇప్పుడు ఒక గది. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, ట్యూబులైట్లు, టీవీ, అప్పుడప్పుడు మిక్సీ. నెలకు 90 యూనిట్లు. బిల్లు: తొంభై నాలుగులు 360, స్థిర ఛార్జీ 80, కలిపి 440. దాని మీద 16 శాతం వేస్తే సుమారు 510 రూపాయలు.

ఈ ఇంట్లో మామూలుగా జరిగే లెక్క ఏమిటంటే, 90 యూనిట్లకు 510 అయింది కనుక యూనిట్‌కు ఐదున్నర చిల్లర, 84 యూనిట్లకు 476 పడుతుంది అని. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అసలు బిల్లు అలా రాదు. చాల్‌లో పొద్దున్నే కుళాయి కింద బిందెలు వరుసగా పెట్టినట్టు, శ్లాబులు ఒకదాని తర్వాత ఒకటి నిండుతాయి. మొదటి బిందెలో వంద పడతాయి. అందులో తొంభై అప్పటికే ఫ్రిజ్, ఫ్యాన్లు నింపేశాయి. ఏసీకి మిగిలిన చవక చోటు పదే. తక్కిన 74 యూనిట్లు రెండో బిందెలో, ఏడు రూపాయల రేటుకు పడతాయి. మొత్తం 174 యూనిట్లకు 400, దానిమీద 518, స్థిర ఛార్జీ ఇప్పుడు 120. అంతా 1,038, సుంకంతో 1,204. ఏసీ లేకుండా 510. తేడా 694 రూపాయలు. ఏసీ ఖర్చంటే ఈ తేడాయే. సగటు రేటుతో వేసుకున్న 476కూ దీనికీ 218 రూపాయల దూరం ఉంది, అదీ ఒక్క నెలలో.

అదే గల్లీలో ఇంకో కుటుంబం అనుకుందాం. మనుషులు ఎక్కువ, గీజరు ఉంది, వాషింగ్ మెషిన్ ఉంది, నెలకు 250 యూనిట్లు. సరిగ్గా అదే ఏసీ, అవే ఎనిమిది గంటలు. వీళ్లకు మొదటి బిందెలో చోటే లేదు. 84లో 50 రెండో శ్లాబులో, 34 మూడో శ్లాబులో పడతాయి. బిల్లు 1,821 నుంచి 2,661కి పోతుంది. ఏసీ ఖర్చు 840. పక్క ఇంట్లో 694 అయిన యంత్రం ఇక్కడ 840 అయింది. ఎక్కడా మోసం లేదు, మీటరు పరుగెత్తలేదు.

ఇదే లెక్క తిరగేస్తే ఆదా తెలుస్తుంది. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు అనుకుంటే, రోజుకు 16 గంటల చొప్పున నెలకు 21 యూనిట్ల పైచిలుకు మిగులుతుంది. 90 యూనిట్ల ఇంటికి ఆ మిగులు నాలుగు రూపాయల రేటుకు, అంటే సుంకంతో కలిపి వంద రూపాయలు. 334 యూనిట్లకు చేరిన ఇంటికి పదకొండు రూపాయల రేటుకు, 275 దాకా. మిగిలే యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబు నుంచే తగ్గుతాయి. కొత్త ఫ్యాన్ డబ్బు ఎన్నాళ్లలో తిరిగొస్తుందన్నది అందుకే ఇంటింటికీ మారుతుంది.

గల్లీలో గట్టిగా నాటుకున్న ఒక భయం ఉంది. మూడొందలు దాటితే మొత్తం యూనిట్లన్నిటికీ పై రేటు పడుతుందని. ముంబయిలో అది నిజం కాదు. 300 యూనిట్లకు నా అంకెల్లో 1,800 రూపాయలు, 301కి 1,811. సుంకం కలిపినా ఆ ఒక్క యూనిట్ ఖర్చు 12 రూపాయల 76 పైసలు. వంద దగ్గర మాత్రం చిన్న గతుకు ఉంది. స్థిర ఛార్జీ మారడం వల్ల నూటొకటో యూనిట్‌కు దాదాపు 55 రూపాయలు పడుతుంది. అంతకు మించి భయపడేది ఏమీ లేదు.

మరి ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది? నాకు తోచేదేమిటంటే, అది ఊరి నుంచి వచ్చింది. ఊళ్లో అది నిజమే.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ రేట్లు చూడండి. నెల వాడకం వంద లోపయితే మొదటి 50 యూనిట్లకు 1.95, తర్వాతి 50కి 3.10. వంద దాటి రెండొందల లోపయితే ఆ చవక రేట్లు పోయి, మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. రెండొందలు దాటితే అవీ పోతాయి. మొదటి 200 యూనిట్లకూ ఒకటే రేటు, 5.10. ఆపైన 300 దాకా 7.70. ఇక్కడ నిండిన బిందె నిండినట్టు ఉండదు. గీత దాటగానే మొదటి యూనిట్ నుంచి రేటు తిరగరాస్తారు.

సరిగ్గా 200 యూనిట్లు కాలిన ఇంటికి యూనిట్ల ఛార్జీ 820 రూపాయలు. 201 కాలితే 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలకు పైనే. స్థిర ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు వేరే.

కరీంనగర్‌లో తమ్ముడి ఇంట్లో నెలకు 150 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. ఉచిత పథకం సంగతి ఒక క్షణం పక్కన పెడితే, 150కి ఛార్జీ 580. అక్క చూసిన ఏసీనే అతనూ కొంటే 234 యూనిట్లు. ఛార్జీ 1,281 రూపాయల 80 పైసలు. ఏసీ ఖర్చు 702 దగ్గర, యూనిట్‌కు 8.35. కానీ అతని బిల్లులో కనిపించే అత్యధిక రేటు 7.70 మాత్రమే. బిల్లులో ఎక్కడా లేని రేటు ఎలా పడింది? పాత 150 యూనిట్లు కూడా ఖరీదైపోయాయి గనుక. ఆ పెరుగుదల కూడా ఏసీ ఖాతాలోకే పోవాలి. అందుకే పై శ్లాబు రేటుతో యూనిట్లను గుణించే పద్ధతి ముంబయిలో దాదాపుగా పనిచేస్తుంది గానీ తెలంగాణలో పనిచేయదు. రెండు చోట్లా పనిచేసేది ఒక్కటే: వస్తువు ఉన్నప్పటి పూర్తి బిల్లు వేసి, లేనప్పటి పూర్తి బిల్లు అందులోంచి తీసేయడం.

అదే తమ్ముడు ఏసీని రాత్రి ఐదు గంటలలోపే ఆపేస్తూ నెలకు 50 యూనిట్లకు కట్టడి చేస్తే 200 దగ్గర ఆగుతాడు. అప్పుడు ఏసీ ఖర్చు 240. చివరి 34 యూనిట్లే 462 రూపాయలు తింటున్నాయన్నమాట. ముంబయి అక్కకు ఇలాంటి ఆగే చోటు లేదు. ఆమె రాత్రికి ఒక గంట తగ్గిస్తే ఒక గంట డబ్బే మిగులుతుంది.

ఇక జీరో బిల్లు. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి పథకం కింద తెలంగాణలో అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. 200 దాటిన నెలకు మొత్తం బిల్లు కట్టాలి. అంటే పై లెక్కలో 150 యూనిట్లకు సున్నా, 200కు సున్నా, 234కు 1,281 రూపాయలు, మిగతా ఛార్జీలు అదనం. మొదటి 50 యూనిట్ల చల్లదనం ఊరికే వచ్చింది, తర్వాతి 34 యూనిట్లకు యూనిట్ 37 రూపాయల పైన పడింది. గుడ్డిగా ‘ఊళ్లో కరెంటు చవక, ముంబయిలో ప్రియం’ అనేవాళ్లు ఈ వరుసను ఒకసారి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇలా గీత దాటగానే రేటు తిరగరాయడం లేదు. అక్కడ 2022 ఏప్రిల్ నుంచి గృహ రేట్లను ముంబయి మాదిరిగానే ఒకదాని మీద ఒకటి నిండే శ్లాబులుగా మార్చారు. 30, 75, 125, 225, 400 దగ్గర అంచులు. తూర్పుగోదావరిలో 150 యూనిట్ల ఇంటికి ఇదే ఏసీ దాదాపు 529 రూపాయలు అవుతుంది.

ఇంతసేపూ 84 యూనిట్లను నమ్మాం. అది లేబుల్ చెప్పిన అంకె. లేబుల్ లెక్కలో 24 డిగ్రీల చల్లటి గంటలు కూడా కలిసి ఉంటాయి. మే నెలలో పై అంతస్తు గది, రోజంతా కాగిన రేకుల కప్పు, సముద్రపు ఉక్క అందులో లేవు. గాలిలోని తేమను నీరుగా మార్చడానికి కూడా ఏసీ కరెంటు ఖర్చు చేస్తుంది. ఫిల్టరు దుమ్ముపట్టినా, గోడలో ఏసీ చుట్టూ సందు ఉన్నా కంప్రెసర్ తగ్గాల్సిన సమయంలో తగ్గదు. కాబట్టి కొన్నాక మీటరుతోనే కొలుచుకోవాలి, అదేమంత కష్టం కాదు.

చాళ్లలో మీటర్లన్నీ కింద మెట్ల పక్కన ఒకచోట బిగించి ఉంటాయి. మీ మీటరు ముఖాన ‘3200 imp/kWh’ లాంటి అంకె ఒకటి ఉంటుంది. పక్కన ఎర్ర దీపం అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. పైన గదిలో ఏసీ తప్ప అన్నీ ఆపించి, కింద ఒకరు నిలబడి నిమిషానికి ఎన్ని మిణుకులో లెక్కపెడితే చాలు. నిమిషానికి 48 వచ్చాయనుకోండి. గంటకు 2,880, దాన్ని 3,200తో భాగిస్తే 0.9 యూనిట్. ఇది చూసి కంగారు పడనక్కర లేదు, ఇన్వర్టర్ ఏసీ మొదట్లో గదిని చల్లబరచడానికి గట్టిగా లాగుతుంది. గంట తర్వాత మళ్లీ దిగి చూస్తే 20 మిణుకులు ఉండవచ్చు, అంటే 0.375. రెండోసారి కూడా 45, 48 దగ్గరే ఉందంటే ఫిల్టరో, గ్యాసో, గదికి సరిపోని టన్నేజీయో చూసుకోవాలి.

ఇంకా నమ్మకమైన కొలత రాత్రి రీడింగ్. ఒక రాత్రి ఏసీ వేసి పదికీ ఆరుకీ మీటరు అంకెలు రాసుకోండి, ఇంకో రాత్రి ఏసీ లేకుండా అదే సమయాలకు. మొదటి రాత్రి 4.3, రెండో రాత్రి 1.2 వచ్చాయనుకుంటే ఫ్రిజ్జు, ఫ్యాను లెక్క దానంతట అదే పోయి ఏసీకి 3.1 తేలుతుంది. నెలకు 93 యూనిట్లు. 90 యూనిట్ల గదికి ఏసీ ఖర్చు 694 కాదు, 767.

చాళ్లలో అసలు తగవు వచ్చేది ఒకే మీటరు మీద రెండు కుటుంబాలున్న చోట. కింద ఒకరు, పోట్‌మాళా మీద ఒకరు, లేదా గదిని అడ్డంగా పార్టిషన్ చేసుకున్న అన్నదమ్ములు. ఒక్కొక్కరికి విడిగా మీటరుంటే 150 యూనిట్ల చొప్పున ఒక్కో ఇంటికి 750, రెండిళ్లకు 1,500 రూపాయల యూనిట్ల ఛార్జీ. ఒకే మీటరు మీద 300 యూనిట్లకు 1,800. రెండు ఇళ్లున్నా చవక శ్లాబు ఒక్కటే దొరుకుతుంది, వంద యూనిట్లు నాలుగు నుంచి ఏడుకి ఎక్కుతాయి. స్థిర ఛార్జీ ఒకటి తప్పుతుంది గానీ ఆ నష్టాన్ని పూడ్చదు.

ఇలాంటి చోట గది లోపల చిన్న సబ్‌మీటర్ పెట్టుకుని, వచ్చిన బిల్లును యూనిట్ల నిష్పత్తిలో పంచుకోవడం ఆనవాయితీ. కుట్టుమిషన్‌కో, జరీ పనికో వాడకం ఎక్కువైనవాళ్లు ఎక్కువ ఇస్తారు. (ఇంట్లోనే చేసుకునే ఇలాంటి చిన్న పనులకు నెలకు 300, ఏడాదికి 3,600 యూనిట్ల లోపు అయితే మహారాష్ట్రలో గృహ రేటే వర్తిస్తుంది. ఉమ్మడి మీటరు ఈ హద్దును కూడా తొందరగా దాటిస్తుంది.) పైకి చూస్తే యూనిట్ల పంపకంలో తప్పేమీ లేదు. ఏసీ రాగానే అందులోని చిక్కు బయటపడుతుంది.

ఏసీకి ముందు 300 యూనిట్ల బిల్లు, స్థిర ఛార్జీ, సుంకం అన్నీ కలిపి 2,227. సగం సగం 1,114. అన్న గదిలో ఏసీ పెట్టాడు. యూనిట్లు 384, బిల్లు 3,299. అన్నవి 234, తమ్ముడివి ఎప్పటిలాగే 150. నిష్పత్తి ప్రకారం పంచితే తమ్ముడి వాటా 1,289. ఒక్క యూనిట్ కూడా ఎక్కువ కాల్చని మనిషికి 175 రూపాయలు పెరిగాయి. అన్న మాత్రం తన వాటా 2,010 చూసుకుని, ఏసీకి 900 లోపే అయిందని అనుకుంటాడు. నిజానికి ఏసీ వల్ల పెరిగింది 1,072. మూడొందలు దాటిన 84 యూనిట్లూ పదకొండు రూపాయల శ్లాబులో పడ్డాయి, ఆ బరువులో కొంత తమ్ముడి మీదికి జారింది.

దీనికి మందు ఉంది. ఏసీ పాయింటుకు విడిగా సబ్‌మీటర్ పెట్టి, దాని యూనిట్లు తీసేసి మిగిలిన 300కు బిల్లు వేసుకుని సగం చేసుకోవాలి. పెరిగిన తేడా అంతా ఏసీ ఎవరిదో వాళ్లు కట్టుకోవాలి. తమ్ముడు 1,114 దగ్గరే ఉంటాడు, అన్న 2,185 కడతాడు. వచ్చే ఏడు తమ్ముడు కూడా ఏసీ కొంటే 468 యూనిట్లు, అప్పటికీ అది మూడో శ్లాబులోనే, ఇద్దరికీ చెరో 1,072. ఆ మీద ఇద్దరిలో ఎవరు గీజరు పెట్టి 500 దాటించినా నాలుగో శ్లాబు ఎవరి ఖాతాలో వేయాలన్నది మళ్లీ తగవే. రెండో మీటరుకు దరఖాస్తు పెట్టడానికి గది కాగితాలు ఎవరి పేర ఉన్నాయో వెతకడం మొదలయ్యేది సాధారణంగా ఆ నెలలోనే.